బార్డర్ దాటకముందే ఆపేసిన లారీ: అటెంప్టా, ప్రిపరేషనా?

ప్రిపరేషన్లోనే_ఉన్నా

అందరికీ నమస్కారం. జూనియర్ సివిల్ జడ్జి మెయిన్స్‌కి చదువుతున్నాను. రెండు తీర్పుల దగ్గర బుర్ర ఆగిపోయింది, తెలిసినవాళ్లు విడమరిచి చెప్తారని ఇక్కడ పెడుతున్నా.

మొదటిది వడ్ల లారీ, మల్కియత్ సింగ్ కేసు. పంజాబ్ నుంచి పర్మిట్ లేకుండా వడ్లు బయటికి పంపకూడదు, లారీ ఢిల్లీ వైపు వెళ్తోంది, దారిలో సమాల్ఖా బారియర్ దగ్గర పట్టుకున్నారు. సుప్రీంకోర్టు ఇది సన్నాహమే, ప్రయత్నం దాకా రాలేదు అని వదిలేసింది. రెండోది వెండి లారీ, మహమ్మద్ యాకూబ్ కేసు. బొంబాయి దగ్గర సముద్రపు పాయ పక్కన వెండి కడ్డీలతో పట్టుకున్నారు. వెండి పడవ ఎక్కలేదు, దేశం దాటలేదు, అయినా అది ప్రయత్నమే అన్నారు.

రెండింట్లోనూ సరుకు హద్దు దాటలేదు. రెండింట్లోనూ బండిలోనే దొరికింది. మరి తేడా ఎక్కడ? మా కోచింగ్ సార్ "ఇక్కడితో ఆగిపోతే ఎవరికీ హాని లేదు అనిపిస్తే ప్రిపరేషన్, అంతే రాసేయండి" అన్నారు. ఆ లెక్కన వెండి కూడా వెనక్కి తిప్పుకుపోతే హాని లేదు కదా. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 62 సెక్షన్ చూశాను, పాత ఐపీసీ 511 లాగే "ఆ నేరం దిశగా ఏదైనా పని చేస్తే" అని ఉంది తప్ప గీత ఎక్కడ గీయాలో దాంట్లో లేదు. టెన్షన్ వస్తోంది, ఎవరైనా చెప్పండి.

సీమ_కుర్రోడు

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది బ్రో. చివరి పని చేశాడా లేదా, అదొక్కటే చూడాలి. నిందితుడి చేతిలో ఉన్న పనులన్నీ అయిపోయి, ఇక మిగిలింది అవతలివాడి చేతిలో ఉంటే అటెంప్ట్. ఇంకా వీడే చేయాల్సింది ఏదైనా మిగిలి ఉంటే ప్రిపరేషన్. ఇంగ్లండ్‌లో 1855లో ఈగల్టన్ అని ఒక రొట్టెలవాడి కేసు ఉంది. పేదలకు రొట్టెలిచ్చే కాంట్రాక్టు తీసుకుని తూకం తగ్గించి ఇచ్చాడు, చీటీలు తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేశాడు, వాడి ఖాతాలో రాసుకున్నారు కూడా, డబ్బు చేతికి రావడమే మిగిలింది. వాడు చేయాల్సిందంతా చేసేశాడు కాబట్టి అటెంప్ట్ అన్నారు. వడ్ల లారీ ఇంకా నడవాలి, కాబట్టి ప్రిపరేషన్. క్లోజ్.

నల్లకోటు_కర్నూలు

సీమ గారూ, రొట్టెల కేసు మీరు చెప్పినట్టే జరిగింది. కానీ దాన్ని పట్టుకుని మన కోర్టులో నిలబడితే జడ్జి గారు 1961 తీర్పు తీసి చూపిస్తారు. అభయానంద్ మిశ్రా కేసు. పట్నా యూనివర్సిటీకి ఎం.ఎ. ఇంగ్లిష్ పరీక్ష ప్రైవేటుగా రాస్తానని అప్లికేషన్ పెట్టాడు. బి.ఎ. పాసయ్యానని, ఫలానా స్కూల్లో టీచర్‌నని రాశాడు, హెడ్మాస్టర్, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ ఇచ్చినట్టుగా సర్టిఫికెట్లు జత చేశాడు. యూనివర్సిటీ నమ్మి అనుమతి ఇచ్చింది, అడ్మిషన్ కార్డు ఆ స్కూలు హెడ్మాస్టర్‌కి పంపింది కూడా. ఈలోగా విషయం బయటపడింది. అతను గ్రాడ్యుయేటూ కాదు, టీచరూ కాదు.

ఇప్పుడు చివరి పని సూత్రం పెట్టి చూడండి. కార్డు ఇంకా అతని చేతికి రాలేదు, పరీక్ష హాలు దూరంలోనే ఉంది, అతను చేయాల్సిన పనులు బోలెడు మిగిలి ఉన్నాయి. అయినా మోసానికి ప్రయత్నించాడనే శిక్ష నిలబెట్టారు. అప్లికేషన్ తయారు చేసుకోవడంతో సన్నాహం ముగిసింది, దాన్ని పంపిన క్షణం నుంచి ప్రయత్నం మొదలైంది అని కోర్టు చెప్పింది. నేరం పూర్తవడానికి చివరి పనికి ముందు పని అయి ఉండాలని కూడా లేదు, ఉద్దేశంతో, సన్నాహం అయ్యాక, ఆ దిశగా వేసిన ఒక అడుగు చాలు అన్నారు. కాబట్టి ఆ చివరి పని సూత్రం మన దగ్గర ఒక కొలబద్దే, అదే చట్టం అనుకోకూడదు. చివరి పని అయిపోతే అటెంప్ట్ అన్నది నిజం. అవకపోతే అటెంప్ట్ కాదు అన్నది మాత్రం నిజం కాదు.

వడ్ల లారీ సంగతి రాత్రికి రాస్తాను, కోర్టుకి వెళ్లాలి.

గోదారి_లారీ

నమస్తే అన్నయ్యలూ. లారీ అని చూసి లోపలికొచ్చాను. మాది ఒకటే బండి, కిరాయికి తిప్పుతా. బియ్యం లోడు, పార్టీ వాళ్లు బిల్లు ఇచ్చారు, పక్క రాష్ట్రానికి వెళ్తోంది, చెక్‌పోస్టుకి చాలా ముందే రోడ్డు మీద ఆపి రేషన్ బియ్యం అని పట్టుకెళ్లారు. డ్రైవర్ మీద, నా మీద కేసు. బండి స్టేషన్ ఆవరణలో ఎండకి ఎండుతోంది, ఫైనాన్స్ వాళ్లు ఫోన్లు. ఈ వడ్ల కేసు చూపిస్తే బార్డర్ దాటలేదు కాబట్టి నాది కూడా కొట్టేస్తారా? బండి ఎప్పుడిస్తారు?

రైటర్_రిటైర్డ్

గోదారి తమ్ముడూ, ఇరవై ఏళ్లకు పైగా స్టేషన్ రైటర్‌గా చేసినవాణ్ని, ఒకటి చెప్తా విను. ముందు ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఏ సెక్షన్, ఏ కంట్రోల్ ఆర్డర్ కింద కట్టారో చూడు. ఆ పంజాబ్ కేసులో నేరం "రాష్ట్రం బయటికి పంపడం". అందుకే బార్డర్ ముఖ్యమైంది. నీ మీద రేషన్ బియ్యం దారి మళ్లించారని కడితే, కార్డుదారుడికి చేరాల్సిన బియ్యం నీ బండిలో ఉండటమే వాళ్ల కేసు, నువ్వు బార్డర్‌కి ఎంత దూరంలో ఉన్నావన్నది ఎవరికీ పట్టదు. అక్కడ ప్రయత్నమా సన్నాహమా అనే ప్రశ్నే రాదు.

బండి సంగతి వేరే దారి. నిత్యావసర సరుకుల చట్టంలో 6ఏ కింద జాయింట్ కలెక్టర్ దగ్గర నడుస్తుంది, క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంది, రెండూ కలిపి ఆలోచించకు. నోటీసు వస్తుంది, దానికి గడువులోపల రాతపూర్వకంగా జవాబివ్వాలి. నీకు తెలియకుండా జరిగిందని, నీ డ్రైవర్‌కి కూడా తెలియదని, మీరు తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నారని చూపించాలి, పార్టీ ఇచ్చిన బిల్లు అక్కడ పనికొస్తుంది. కిరాయి బండి అయితే జప్తుకి బదులు జరిమానా కట్టుకునే వీలు ఇవ్వాలని కూడా అందులో ఉంది, ఆ జరిమానా పట్టుకున్న రోజు సరుకు మార్కెట్ ధర మించకూడదు. ఊరికే తిరక్కుండా వకీలుని పెట్టుకో.

గోదారి_లారీ

ఎఫ్ఐఆర్ నా దగ్గర లేదు, రేపు తెచ్చుకుంటా బాబాయ్. చాలా థాంక్స్.

నల్లకోటు_కర్నూలు

చెప్పినట్టే వచ్చాను. వడ్ల లారీలో ఏం జరిగిందో ముందు చూడండి, పుస్తకాల్లో రెండు లైన్లలో చదివితే అసలు విషయం పోతుంది.

1966 అక్టోబరు 18. మలేర్‌కోట్లాలో 75 బస్తాల వడ్లు ఎక్కించారు, ఢిల్లీలో ఒక వ్యాపార సంస్థకి చేరాలి. లారీతో పాటు ఆ ఢిల్లీ సంస్థ పేరిట ఒక ఉత్తరం కూడా ఉంది. సమాల్ఖా బారియర్ ఢిల్లీకి 32 మైళ్లు. అప్పటికి హర్యానా పుట్టలేదు, రెండు వారాలు ఆగితే గానీ పుట్టదు, కాబట్టి పంజాబ్ హద్దు సింఘూ దగ్గర, అంటే ఢిల్లీకి 18 మైళ్లలో ఉంది. మధ్యలో ఇంకా 14 మైళ్లు పంజాబ్ రోడ్డే. ఎగుమతి జరగలేదు, అది అందరూ ఒప్పుకున్నారు. ఎగుమతికి ప్రయత్నం జరిగిందా అన్నదే మిగిలింది. వీళ్లకి దారిలో ఎవరైనా లైసెన్సు లేదని హెచ్చరించి ఉండొచ్చు, సమాల్ఖాకీ హద్దుకీ మధ్య ఎక్కడైనా మనసు మార్చుకుని వెనక్కి తిరిగి ఉండొచ్చు, అలా తిరిగితే అప్పటిదాకా చేసిందంతా పూర్తిగా హాని లేని పనే, కాబట్టి సన్నాహమే అన్నారు. డ్రైవర్, క్లీనర్ ఇద్దరూ బయటపడ్డారు. మీ సార్ చెప్పింది ఇక్కడినుంచి వచ్చింది.

ఇక వెండి. 1968 సెప్టెంబరు 14 రాత్రి. బొంబాయి నుంచి ఒక జీపు, వెనక ఒక ట్రక్కు. ముందే కబురు అందిన సెంట్రల్ ఎక్సైజ్ అధికారులు వెంట పడ్డారు. బండ్లు హైవే వదిలి కామన్ అనే ఊరి దగ్గర సముద్రపు పాయ ఒడ్డుకి వెళ్లి ఆగాయి. చీకట్లో ఏదో బరువైన లోహపు వస్తువు దించుతున్న చప్పుడు వినిపించింది. అధికారులు మీద పడ్డారు. అదే సమయంలో పాయ వైపు నుంచి ఇంజిన్ పడవ స్టార్టయిన చప్పుడు. జీపులో కొన్ని కడ్డీలు, ట్రక్కులో రంపపు పొట్టు బస్తాల్లో దాచిన కడ్డీలు దొరికాయి. మెజిస్ట్రేట్ శిక్ష వేశారు, సెషన్స్ కోర్టు కొట్టేసింది, వెండి ఇంకా బండిలోనే ఉంది కదా ఇది సన్నాహం అని హైకోర్టు కూడా సమర్థించింది. 1980లో సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది.

ఆ బెంచిలో ఒకరు జస్టిస్ సర్కారియా, ఇంకొకరు మన గుత్తి ఆయన, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆయన విడిగా రాసిన తీర్పే ఈ ప్రశ్నకి జవాబు. మూడు ఉండాలన్నారు. ఫలానా నేరం చేయాలన్న ఉద్దేశం, ఆ నేరానికి తప్పక చేయాల్సిన ఒక పని, ఆ పని అనుకున్న ఫలితానికి దగ్గరగా ఉండటం. అయితే ఆ దగ్గరితనాన్ని కాలంతోనో చర్యల వరుసతోనో కాకుండా ఉద్దేశంతో కొలవాలన్నారు. అంటే ఇంకా ఎన్ని మైళ్లు, ఇంకా ఎన్ని పనులు అని లెక్కపెట్టడం కాదు. చేసిన పని, చుట్టూ ఉన్న పరిస్థితితో కలిపి చూస్తే, ఆ ఉద్దేశాన్ని తనంతట తానే బయటపెడుతోందా అన్నది చూడాలి. వెండి బండి హైవే మీద పోతుంటే అది ఇంకో ఊరికి పోతోందని వాదించొచ్చు, అర్ధరాత్రి పాయ ఒడ్డున దించుతుంటే ఏ వాదన మిగులుతుంది?

వడ్ల కేసు గురించి కూడా ఆయనే చెప్పారు. ఆ హాని లేని పని కొలబద్ద ఆ కేసు సంగతులకే, అన్నిటికీ వర్తించే సూత్రం కాదు అని. అలా అనుకుంటే ఆఖరి నిమిషంలో దొరికిన ప్రతివాడూ "సరిగ్గా అప్పుడే మనసు మార్చుకోబోతున్నాను" అంటాడు.

ప్రిపరేషన్లోనే_ఉన్నా

సార్, ఈ చివరి మాట మా నోట్స్‌లో ఎక్కడా లేదు!! మల్కియత్ సింగ్ కొలబద్ద ఒకటి, యాకూబ్ ఇంకొకటి అని రెండూ పక్కపక్కన రాసిచ్చారు, ఒకదాన్ని రెండోది కుదించిందని చెప్పలేదు.

అడ్డప్రశ్న

నల్లకోటు గారు చెప్పింది బాగుంది కానీ నాకు మింగుడు పడట్లేదు. ఉద్దేశం బయటపడటమే కొలమానం అయితే వడ్ల లారీలో ఉద్దేశం బయటపడలేదా? ఢిల్లీ పార్టీ పేరుతో బుకింగ్, ఆ పార్టీకి ఉత్తరం, లారీ ఢిల్లీ రోడ్డు మీద. ఇంతకన్నా ఏం కావాలి? చీకట్లో ఇంజిన్ చప్పుడు కన్నా పేరు రాసిన ఉత్తరం గట్టి సాక్ష్యం కదా. నిజానికి వెండి కేసులోనే అనుమానం ఎక్కువ, ఆ పడవ వీళ్ల కోసమే వచ్చిందని ఎవరు చూశారు? చేపలవాళ్ల పడవ కాకూడదా? వెండి స్మగ్లింగ్ అంటే దేశం ఆర్థిక వ్యవస్థ, వడ్లు అంటే పాపం డ్రైవరూ క్లీనరూ. కోర్టు ముందు ఫలితం నిర్ణయించుకుని తర్వాత కొలబద్ద వెతుక్కుందని నా అభిప్రాయం.

నల్లకోటు_కర్నూలు

మంచి దెబ్బే. ఒకటి ఒప్పుకుంటాను, ఆర్థిక నేరాల్లో రుజువు దొరకడం కష్టం కాబట్టి ప్రయత్నం అనే మాటని విశాలంగా చూడాలన్న ధోరణి సర్కారియా గారి తీర్పులో కనిపిస్తుంది. కానీ ఉత్తరం సంగతి వేరు. ఉత్తరం ఉద్దేశాన్ని రుజువు చేస్తుంది, నిజమే, ఉద్దేశం ఉందని కోర్టు కూడా కాదనలేదు. అయితే చిన్నపరెడ్డి గారు చెప్పిన మూడింట్లో అది మొదటిది మాత్రమే. మూడోదానికి పనే మాట్లాడాలి. పంజాబ్ లోపల పంజాబ్ రోడ్డు మీద వడ్లు తీసుకెళ్లడం, ఉత్తరాన్ని పక్కన పెడితే, ఆ రోడ్డు మీద రోజూ జరిగేదే. రంపపు పొట్టులో దాచిన వెండి రాత్రి పాయ ఒడ్డున దించడం రోజూ జరిగేది కాదు. పడవ సంగతిలో మీ అనుమానం న్యాయమైనదే, దాన్ని విడిగా తీసి చూస్తే నిలవదు. మొత్తం కలిపి చూశారు.

అడ్డప్రశ్న

అయితే లారీ సింఘూకి అర కిలోమీటరులో దొరికి ఉంటే? అప్పుడూ పంజాబ్ రోడ్డే, రోజూ జరిగేదే. పని అదే, ఉత్తరం అదే. మారింది మైళ్లు మాత్రమే. మీరేమో మైళ్లు లెక్క కాదంటారు.

నల్లకోటు_కర్నూలు

అర కిలోమీటరులో దొరికితే నేను ప్రాసిక్యూషన్ వైపు వాదించడానికి భయపడను. మనసు మార్చుకునే అవకాశం ఇంకా ధారాళంగా ఉందా అన్నది కూడా చూడాలని వడ్ల కేసుని చిన్నపరెడ్డి గారు వివరించిన తీరులోనే ఉంది. అక్కడ దూరం పరోక్షంగా లోపలికి వస్తుంది, కాదనను. ఎంత దూరంలో గీత పడుతుందో ఏ తీర్పూ అంకె చెప్పలేదు. 1955లో మన ఆంధ్ర హైకోర్టు కూడా మునిరత్నం రెడ్డి కేసులో ఇదే అంది, చాలా కేసుల్లో ఈ గీత బాగా సన్నగా ఉంటుంది, అయినా ఉంది అని.

ఎడిసన్_తెలుగోడు

న్యూజెర్సీ నుంచి. ఇక్కడి కోడ్‌లో మాట వేరు, గణనీయమైన అడుగు వేశాడా అని అడుగుతారు, ఆ అడుగు నేర ఉద్దేశాన్ని గట్టిగా బలపరిచేదిగా ఉండాలి. ఇంకా ఎంత మిగిలి ఉంది అని కాకుండా ఇప్పటిదాకా ఎంత చేశాడు అని వెనక్కి చూస్తారు. ఆ లెక్కన మీ వడ్ల లారీ ఇక్కడ దొరికి ఉంటే అటెంప్టే అయ్యేదనుకుంటా. కాకపోతే నిజంగా తనంతట తానే మానుకుని వెనక్కి తిరిగినవాడికి ఇక్కడ అది డిఫెన్స్, పోలీసుని చూసి తిరిగితే పనికిరాదు. మనసు మార్చుకోవడాన్ని ఇక్కడ విడిగా చూస్తారు, మన కోర్టు దాన్ని గీత గీయడానికే వాడింది. అదే గందరగోళానికి మూలమేమో.

సీమ_కుర్రోడు

మీరెన్ని చెప్పినా సెక్షన్‌లో రాసి ఉన్న ఉదాహరణ నా వైపే ఉంది. హత్యాయత్నం సెక్షన్ చూడండి, పాతది 307, కొత్తది 109. విషం కొన్నాడు, అన్నంలో కలిపాడు, అన్నం తన దగ్గరే పెట్టుకున్నాడు, ఇంకా నేరం చేయలేదు అని రాసి ఉంది. చంపాలనుకున్న మనిషి బల్ల మీద పెట్టాడు, లేదా వడ్డించమని వాళ్ల పనివాళ్లకి ఇచ్చాడు, అప్పుడే నేరం. చివరి పని కాక ఇదేంటి?

ప్రిపరేషన్లోనే_ఉన్నా

కానీ అదే సెక్షన్ కింద 1961లోనే ఓం ప్రకాశ్ కేసు ఉంది కదా, పంజాబ్‌ది. భార్యని గదిలో పెట్టి తిండి పెట్టకుండా చంపాలని చూశాడు, ఆమె ఎలాగో తప్పించుకుని ఆసుపత్రికి చేరింది. ఇంకా తిండి పెట్టకుండా ఉండాల్సిన రోజులు మిగిలే ఉన్నాయి, అంటే చివరి పని అవలేదు, అయినా 307 నిలబడింది. కాబట్టి ఆ ఉదాహరణని పట్టుకుని చివరి పని ఉండాలనడం సరికాదేమో? నేను తప్పైతే చెప్పండి.

నల్లకోటు_కర్నూలు

ఇది మెయిన్స్‌లో రాయండి, మార్కులు వస్తాయి.

సీమ_కుర్రోడు

సరే అది పనుల వరుస కాబట్టి వేరు అంటాను నేను. విషం కేసులో నా మాటే నా మాట 😄

స్వప్న_ఒంగోలు

నాది కొంచెం పక్కదారి, క్షమించండి. మా బాబాయి స్థలం పక్కాయన, బాబాయి పేరుతో పాత తేదీ స్టాంపు పేపర్లు సంపాదించి, అగ్రిమెంటు డ్రాఫ్టు టైపు చేయించాడు. స్థలం కొలతలు, పట్టా నంబరు అన్నీ తెలుసుకున్నాడు. టైపు చేసినాయన మాకు తెలిసినవాడు కాబట్టి ముందే చెప్పాడు. కంప్లయింట్ ఇస్తే ఇంకా ఏం జరగలేదు కదమ్మా, సంతకం పెట్టాక రండి అన్నట్టు మాట్లాడారు. ఇది ఫోర్జరీకి ప్రయత్నం కాదా?

నల్లకోటు_కర్నూలు

స్వప్న గారూ, పక్కదారి కాదు, ఇది ఈ చర్చకి సరిగ్గా మధ్యలోనిది. 1881లో మద్రాసు హైకోర్టు దాకా ఇలాంటిదే వెళ్లింది, పడాల వెంకటస్వామి కేసు. దొంగ పత్రం నకలు తయారుచేసుకోవడం, దానికోసం స్టాంపు కాగితం కొనడం, అందులో రాయాల్సిన వివరాలు సేకరించడం, ఈ మూడూ కలిపినా ఫోర్జరీకి సన్నాహమే, ప్రయత్నం కాదన్నారు. అదే ఏడాది కలకత్తాలో రియాసత్ అలీ కేసులో కూడా ఇదే దారి, ఒక బొగ్గు కంపెనీ రసీదుల్లాంటి ఫారాలు ప్రెస్సులో అచ్చు వేయించాడు, ఫారం అచ్చయినంత మాత్రాన దొంగ పత్రం కాదన్నారు. మీ స్టేషన్ వాళ్లు ఈ కేసులు చదివి చెప్పారని నేననుకోను గానీ, దారి మాత్రం తప్పు కాదు.

అయితే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఆ పక్కాయన బాబాయి పేరుతో దొంగ సంతకం పెట్టేస్తే అది ప్రయత్నం కాదు, ఆ క్షణానే ఫోర్జరీ పూర్తయిపోతుంది, దాన్ని ఎక్కడా వాడనక్కర్లేదు. అంటే ఫోర్జరీలో సన్నాహానికీ పూర్తి నేరానికీ మధ్య ప్రయత్నానికి ఉన్న చోటు చాలా ఇరుకు. రెండోది, పాత తేదీ స్టాంపు కాగితం ఎలా వచ్చింది, ఎవరు అమ్మారు, రిజిస్టర్‌లో ఎవరి పేరు రాశారు, అక్కడ వేరే నేరం ఉండొచ్చు. దాన్ని విడిగా రాతపూర్వకంగా ఇవ్వండి. ఒరిజినల్స్ జాగ్రత్త, సబ్ రిజిస్ట్రార్ దగ్గర అభ్యంతరం పెట్టండి.

స్వప్న_ఒంగోలు

అంటే సంతకం పెట్టేదాకా చూస్తూ కూర్చోవాలి అన్నమాట. చట్టం ఇలా ఉంటే ఎలా అండీ.

అడ్డప్రశ్న

అదే కదా నేను మొదటినుంచి అనేది. సన్నాహాన్ని శిక్షించకూడదని చట్టానికి పట్టుదల కూడా లేదు, తనకి భయం వేసిన చోట శిక్షిస్తుంది. బందిపోటు దోపిడీకి సన్నాహం చేస్తేనే నేరం, దేశం మీద యుద్ధానికి ఆయుధాలు పోగేస్తేనే నేరం, దొంగ నాణేల అచ్చులు దగ్గరుంటేనే నేరం. స్వప్న గారి బాబాయి స్థలానికి మాత్రం ఆగాలి.

రైటర్_రిటైర్డ్

తీర్పుల సంగతి మీకు తెలుసు, కాగితం మీద కేసు ఎలా పోతుందో నేను చెప్తాను. పట్టుకోవడంలో తొందర, రాయడంలో బద్ధకం, ఈ రెండే. వడ్ల లారీని సమాల్ఖాలో కాకుండా హద్దు దగ్గర ఆపి ఉంటే ఇన్ని మాటలే లేవు, కానీ చేతిలో దొరికినదాన్ని వదిలి ఇంకో 14 మైళ్లు వెంట పడటానికి ఏ హెడ్ కానిస్టేబులూ సాహసించడు, తప్పిపోతే జవాబు చెప్పుకోవాలి.

రెండోది మధ్యవర్తుల రిపోర్టు. మా రోజుల్లో అన్నిట్లోనూ ఒకే మూస. "అనుమానాస్పదంగా సంచరించుచుండగా పట్టుకొని" అని రాసి ఊరుకునేవాళ్లు. ఎక్కడ నిలబడ్డాడు, చేతిలో ఏముంది, ఏం తీస్తున్నాడు, ఏం చప్పుడు వినపడింది, వెలుతురు ఎంత, ఎదురుగా ఏముంది, ఇవేవీ ఉండవు. నల్లకోటు గారు పని మాట్లాడాలన్నారు, ఆ పని రిపోర్టులోకి ఎక్కకపోతే ఏం మాట్లాడుతుంది? ఆ వెండి కేసులో ఇంజిన్ చప్పుడు, లోహం చప్పుడు సాక్ష్యంలోకి వచ్చాయంటే విన్నవాళ్లు సరిగ్గా చెప్పారన్నమాట. దొంగ ఒప్పుకున్నాడని పేజీలు పేజీలు రాస్తారు, పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, దాన్ని తీసేస్తే రిపోర్టులో ఏం మిగలదు, పీపీ గారు తలపట్టుకుంటారు.

లా_సెకండియర్

మరి 2025లో అలహాబాద్ హైకోర్టు ఆర్డరు కూడా ఇదే గీత కదా? మైనర్ అమ్మాయి మీద దాడి కేసు, బట్టలు లాగి కల్వర్టు కిందకి ఈడ్చుకెళ్లబోతే అత్యాచారయత్నం కాదు, సన్నాహం దాటలేదు అన్నారు. మా క్లాసులో పెద్ద గొడవ అయింది.

నల్లకోటు_కర్నూలు

అవును, ఆ ఏడాది మార్చి 17 నాటి ఆర్డరు. మార్చి 26న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని స్టే ఇచ్చింది. నా మట్టుకు ఆ ఆర్డరు అభయానంద్ మిశ్రాని పక్కన పెట్టి మళ్లీ చివరి పని దగ్గరికే వెళ్లింది. మిగిలిన పనులు ఏమేమి జరగలేదో లెక్కపెట్టింది, జరిగిన పని ఏం చెప్తోందో చూడలేదు. పైగా అది సమన్లు ఇచ్చే దశ, సాక్ష్యం ఇంకా మొదలే కాలేదు. 2021లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన మహేంద్ర కేసులో హైకోర్టు ఇలాగే తగ్గిస్తే సుప్రీంకోర్టు ప్రయత్నం కిందే శిక్ష పునరుద్ధరించింది, ఆ తీర్పు ఉండగా ఇలాంటి ఆర్డరు ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. సంగతి పసిపిల్లలది, ఇక్కడ ఇంతకన్నా వివరాలు వద్దు.

అడ్డప్రశ్న

ఇందులో నేను మీతోనే. కానీ చూడండి, అరవై ఏళ్ల కింద తేల్చామన్న ప్రశ్న ఒక హైకోర్టులో మళ్లీ అలా వచ్చిందంటే, ఉద్దేశంతో దగ్గరితనం కొలవమన్న మాట చదవడానికి బాగుంది, చేతికి దొరకదు. ఎవరికి తోచినట్టు వాళ్లు కొలుస్తున్నారు.

ప్రిపరేషన్లోనే_ఉన్నా

నేను ఇలా రాద్దామనుకుంటున్నా. ముందు చివరి పని, అది చాలు గానీ అదే కావాలని లేదు, మిశ్రా కేసు. తర్వాత మల్కియత్ సింగ్, దాని పక్కనే చిన్నపరెడ్డి గారు పెట్టిన హద్దు. తర్వాత యాకూబ్‌లో పని ఏం చెప్పింది అన్నది సంగతులతో. చివర్లో అర కిలోమీటరు ప్రశ్న నేనే వేసి, నా వైపు జవాబు రాస్తా. అడ్డప్రశ్న గారి అభ్యంతరం కూడా రెండు లైన్లు. ఎక్కువైందా?

నల్లకోటు_కర్నూలు

టైం చూసుకోండి. ఇంగ్లండ్ కేసులు వదిలేయండి, ఈగల్టన్ ఒక్క లైను చాలు.

సీమ_కుర్రోడు

ఒక్క లైనా 😐

గోదారి_లారీ

ఎఫ్ఐఆర్ తెచ్చుకున్నా బాబాయ్. నిత్యావసర సరుకుల చట్టం 7 సెక్షన్, రేషన్ కంట్రోల్ ఆర్డర్ అని ఉంది, పక్క రాష్ట్రం మాట ఎక్కడా లేదు. జాయింట్ కలెక్టర్ ఆఫీసు నుంచి నోటీసు కూడా ఇంటికొచ్చింది, జవాబుకి టైం తక్కువ ఉంది.

రైటర్_రిటైర్డ్

చెప్పాను కదా, బార్డర్ వాదన నీకు పనికిరాదు. నోటీసు, పార్టీ ఇచ్చిన బిల్లు, వేబిల్లు, డ్రైవర్‌కి ఫోన్ చేసి లోడు చెప్పినవాడి నంబరు అన్నీ పట్టుకుని రేపు పొద్దున్నే వకీలు దగ్గరికి వెళ్లు. గడువు దాటనివ్వకు.